బొండం నీళ్లు అందరికీ చలవ కాదు

ఊళ్లో పెద్దాసుపత్రి ఎక్కడుందో తెలియకపోతే కొబ్బరి బొండాల బండ్లు ఎక్కడ వరసగా ఉన్నాయో చూస్తే చాలు. ఒకప్పుడు రోగిని పలకరించడానికి వెళ్లేవాళ్లు బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకెళ్లేవారు. ఇప్పుడు గేటు ముందే బొండం కొట్టించి, నీళ్లు సీసాలో పోయించుకుని లోపలికి వెళ్తున్నారు. జ్వరంతో నీరసించిన మనిషికి ఆ నీళ్లు మంచివే. అదే సీసా నెఫ్రాలజీ వార్డులోకి వెళ్తే మాత్రం నర్సు అడ్డుపడుతుంది. తెచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. కల్తీ లేని నీళ్లు, చెట్టు మీంచి దిగిన నీళ్లు, వీటిని కూడా వద్దంటారేమిటని వాళ్ల బాధ.

ఆ నీళ్లలో ఉన్న పొటాషియమే అందుకు కారణం. పొటాషియం విషమేమీ కాదు. గుండె కొట్టుకోవాలన్నా, కాలు కదలాలన్నా అది ఉండాల్సిందే. ఒంట్లో ఉన్న మొత్తం పొటాషియంలో నూటికి 98 పాళ్లు కణాల లోపలే ఉంటుంది. రక్తంలో తిరిగేది పిసరంతే. లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్లు అని ల్యాబ్ రిపోర్టులో రాసేది ఈ పిసరు గురించే. లోపలికీ బయటికీ ఉన్న ఆ తేడా మీదే గుండె కండరంలో విద్యుత్తు నడుస్తుంది. రక్తంలో అంకె 6 దాటితే వైద్యులు కంగారు పడతారు. 6.5 దాటితే ఈసీజీ తీయిస్తూనే చికిత్స మొదలుపెడతారు.

మనం తిన్న పొటాషియంలో సుమారు తొంభై శాతాన్ని బయటికి పంపేది మూత్రపిండాలే. మిగిలిన కొద్ది భాగం మలంతో పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి వరసగా రెండు బొండాలు తాగినా కొన్ని గంటల్లో ఆ భారం మూత్రంలో దిగిపోతుంది. కిడ్నీల వడపోత సామర్థ్యం సగానికి పడిపోయినా చాలామందిలో ఈ పని సాగుతూనే ఉంటుంది, ఎందుకంటే మిగిలిన వడపోత గొట్టాలు ఎక్కువ పని నెత్తిన వేసుకుంటాయి. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అని రాసే అంకె 30 కంటే దిగువకు వచ్చాక, అంటే వ్యాధి నాలుగో దశకు చేరాక, ఆ సర్దుబాటు తగ్గిపోతుంది. 15 కంటే దిగువన, అయిదో దశలో, వచ్చింది వచ్చినట్టు పోయే దారి దాదాపు మూసుకుపోతుంది. షుగరు ఉన్నవాళ్లలో కొందరికి ఈ ఇబ్బంది ఇంకా ముందే మొదలవుతుంది.

ఇక బొండంలో ఎంతుంటుందో చూద్దాం. కాయ రకాన్ని బట్టి, లేతదనాన్ని బట్టి, నేలను బట్టి తేడా వస్తుంది కానీ, వంద మిల్లీలీటర్ల నీళ్లలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుందని లెక్కేసుకోవచ్చు. ఓ మోస్తరు బొండంలో 350 మిల్లీలీటర్ల నీళ్లు వస్తాయి. అంటే ఒక్క బొండంతో దగ్గర దగ్గర 700 నుంచి 875 మిల్లీగ్రాములు. రక్తంలో పొటాషియం పెరుగుతున్న కిడ్నీ రోగికి రోజంతటి తిండిలో రెండు గ్రాములు, మహా అయితే మూడు గ్రాములు దాటొద్దని చెబుతుంటారు. ఆ కోటాలో మూడో వంతు అన్నం ముట్టకముందే, నిలబడి స్ట్రాతో పీల్చేసరికి అయిపోతుంది.

పీల్చడం అన్న మాట దగ్గరే కాసేపు ఆగాలి. అసలు గొడవంతా అక్కడే ఉంది. టమాటాను కూరలో వేసుకుని తినడానికీ, గ్లాసు రసంగా తాగడానికీ మధ్య చాలా తేడా ఉంది. చిన్న టమాటా 60 గ్రాములుంటే అందులో 140 మిల్లీగ్రాములు. నలుగురున్న ఇంట్లో నాలుగు టమాటాలు వేసి కూర వండితే ఒక్కొక్కరి వంతుకు వచ్చేది అంతే. గ్లాసుడు టమాటా రసం తాగితే మాత్రం 450 నుంచి 550 దాకా వెళ్లిపోతుంది. క్యారెట్ సంగతీ ఇంతే. పచ్చి క్యారెట్‌లో వంద గ్రాములకు 320 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎవరూ కూర్చుని ఒక్కపూట నాలుగు క్యారెట్లు నమలరు, దవడలు ఒప్పుకోవు. జ్యూసర్‌కు దవడలు లేవు కాబట్టి పావుకిలో క్యారెట్లు రెండు నిమిషాల్లో 200 మిల్లీలీటర్ల రసమవుతాయి. అందులో 580 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. పీచు పిప్పితో పోతుంది, పొటాషియం రసంలోకి దిగుతుంది. ఉదయపు నడకకు వెళ్లేవాళ్ల కోసం పార్కుల ముందు వెలిసిన జ్యూస్ బండ్ల మీద క్యారెట్, బీట్‌రూట్ కలిపి ఇస్తారు. బీట్‌రూట్‌లోనూ పొటాషియం క్యారెట్‌కు ఏమాత్రం తక్కువ కాదు.

కూరగాయల్లో పొటాషియం తగ్గించడానికి కిడ్నీ రోగుల ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. ముక్కలు సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ఆ తర్వాత తాలింపు వేస్తారు. ముక్క ఎంత చిన్నదైతే పొటాషియం అంత బాగా నీళ్లలోకి దిగుతుంది. బంగాళాదుంపల మీద చేసిన పరీక్షల్లో ఉత్తినే నానబెడితే పెద్దగా ప్రయోజనం కనిపించలేదు, ముక్కలు కోసి ఉడికిస్తే సగం దాకా పోయింది. రసం తీయడం సరిగ్గా దీనికి తలకిందుల పని. అక్కడ పారబోసేదాన్నే ఇక్కడ తాగుతాం. హోటళ్లలో ఇచ్చే టమాటా సూపు ఇంకో అడుగు ముందుకు వెళ్తుంది. కాయలను ఉడికించి, ఆ నీళ్లతోనే చిక్కబరుస్తారు కాబట్టి ఏదీ బయటికి పోదు, పైగా ఉప్పు కూడా కలుస్తుంది.

ఒంటికి ఎదురయ్యేది మొత్తం ఎంతన్నది ఒక్కటే కాదు, ఎంత వేగంగా వచ్చిందన్నది కూడా. ఒక బొండంలోని 850 మిల్లీగ్రాములంటే సుమారు 22 మిల్లీ ఈక్వివలెంట్లు. రక్తంతో సహా కణాల బయట ఉండే నీరు మధ్యరకం మనిషిలో 14 లీటర్లు. వచ్చినదంతా అక్కడే నిలిచిపోతే రక్తంలో అంకె ఒకటిన్నర పెరగాలి. నిజానికి అంత పెరగదు. అన్నం తిన్నప్పుడు ఊరే ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెట్టేస్తుంది, కిడ్నీలు దాన్ని తీరిగ్గా బయటికి పంపుకుంటాయి. షుగరుతో ఇన్సులిన్ తగ్గినవాళ్లకు నెట్టే చెయ్యి బలహీనంగా ఉంటుంది. కిడ్నీ చెడినవాళ్లకు పంపే దారి ఇరుకు. మన దగ్గర ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం మామూలు విషయం.

మూడో అడ్డంకి మందుల డబ్బాలోంచి వస్తుంది. బీపీకి, గుండె బలహీనతకు, షుగరు వల్ల మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లకు రాసే రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి మాత్రలు ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ పనిని తగ్గిస్తాయి. మూత్రంలోకి పొటాషియం పంపమని కిడ్నీకి చెప్పేది ఆ హార్మోనే. గుండె వైఫల్యానికీ, కాలేయం చెడి పొట్టలో నీరు చేరినప్పుడూ ఇచ్చే స్పైరనోలాక్టోన్ నేరుగా ఆ హార్మోన్‌నే అడ్డుకుంటుంది. ఇవి మంచి మందులు. వీటిలో చాలా మాత్రలు కిడ్నీని కాపాడేవి కూడా. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే టాక్రోలిమస్, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు రాసే కోట్రైమాక్సజోల్, మోకాళ్ల నొప్పికి జనం సొంతంగా కొనుక్కునే డైక్లోఫెనాక్ కూడా పొటాషియాన్ని పెంచే జాబితాలోవే.

ఈ మందుల మీద కెనడాలో జరిగిన ఒక పరిశీలన వైద్యులకు బాగా గుర్తుండిపోయింది. 1999లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, గుండె వైఫల్యంలో స్పైరనోలాక్టోన్ ప్రాణాలు నిలుపుతుందని చూపింది. దాంతో డాక్టర్లు ఆ మాత్రను విరివిగా రాయడం మొదలుపెట్టారు. ఆంటారియో రాష్ట్రంలో అప్పటికే రామిప్రిల్ తరహా మందులు వాడుతున్న గుండె రోగుల లెక్కలు తీస్తే, పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరేవాళ్లు 1994లో వెయ్యికి 2.4 మంది, 2001 నాటికి వెయ్యికి 11 మంది. మందు మారలేదు. అధ్యయనంలో రోగులను ఏరి, రక్తపరీక్షలు చేస్తూ వాడించారు. బయట అంత జాగ్రత్త సాగలేదు.

ఇవన్నీ ఒక ఇంట్లో ఎలా కలుస్తాయో చూడడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు 58, పదిహేనేళ్లుగా షుగరు, ఈజీఎఫ్‌ఆర్ 22, బీపీకి టెల్మిసార్టాన్. కాళ్ల వాపు, ఆయాసం ఉన్నాయని గుండె డాక్టరు స్పైరనోలాక్టోన్ 25 మిల్లీగ్రాములు జోడించారు. అప్పటికి పొటాషియం 4.9. వారం తర్వాత రక్తపరీక్షకు రమ్మన్నారు, ఎండలని వెళ్లలేదు. మే నెలలో మోకాళ్లు పట్టేస్తే మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు అయిదు రోజులు వేసుకున్నాడు. ‘‘నాన్నా, ఒంట్లో వేడి చేసిందేమో’’ అంటూ కొడుకు రోజూ పొద్దున్నే బొండం తెస్తున్నాడు. సాయంత్రం కోడలు క్యారెట్, రెండు టమాటాలు వేసి రసం తీసి ఇస్తోంది. బొండంతో 800, క్యారెట్ రసంతో ఓ 550, టమాటాలతో 400 పైన, వెరసి తాగినదాంట్లోనే 1,750 మిల్లీగ్రాములు. పప్పు, కూర, పెరుగుతో మామూలుగా వచ్చేది వేరే ఉంది. ఇంట్లో ఎవరూ తప్పు చేయడం లేదు, అందరూ సేవే చేస్తున్నారు.

ఆరో రోజుకు తొడలు బరువెక్కాయి. ముక్కాలిపీట మీంచి లేవలేకపోయాడు. నీరసమనుకుని మధ్యాహ్నం ఇంకో బొండం కొట్టారు. సాయంత్రానికి కళ్లు తిరిగితే ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాడి నిమిషానికి 44. ఈసీజీలో ప్రతి అల చివరా వచ్చే ‘టి’ గీత సూదిగా గోపురంలా లేచింది. పొటాషియం 7.1.

ఇలాంటి కేసు వచ్చినప్పుడు ఆసుపత్రిలో చేసే పనుల వరస ఒకటుంది. ముందుగా కాల్షియం గ్లూకోనేట్ ఇంజక్షను. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండె కండరాన్ని కాసేపు నిలకడగా ఉంచుతుంది. తర్వాత ఇన్సులిన్, దానితోపాటు షుగరు పడిపోకుండా గ్లూకోజ్. అవి పొటాషియాన్ని కణాల్లోకి తోస్తాయి. ఆయాసానికి వాడే సాల్‌బ్యుటమాల్ నెబ్యులైజర్ కూడా ఆ పనే చేస్తుంది. ఇవి సర్దుబాట్లే. కొన్ని గంటల తర్వాత పొటాషియం మళ్లీ బయటికి వస్తుంది. ఒంట్లోంచి నిజంగా తీసేయాలంటే మూత్రం బాగా వచ్చే మందు, పేగుల్లో పొటాషియాన్ని పట్టుకునే పొడి, వాటికీ లొంగకపోతే డయాలసిస్. నొప్పి మాత్ర, స్పైరనోలాక్టోన్ ఆపేస్తారు. టెల్మిసార్టాన్‌ను మళ్లీ ఎప్పుడు, ఎంత మోతాదులో మొదలుపెట్టాలో తర్వాత పరీక్షలు చూసి చెబుతారు.

ఈ రోగంలో చిక్కు ఏమిటంటే, చాలామందికి ముందుగా ఏమీ తెలియదు. కాళ్ల నీరసం, తిమ్మిరి, గుండె దడ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కొందరిలో మొదటి లక్షణమే గుండె లయ తప్పడం. రక్తపరీక్ష చేయిస్తే తప్ప తెలిసే దారి లేదు. అందుకే ఈ మందులు మొదలుపెట్టినా, మోతాదు పెంచినా, వారం రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూపించుకోమంటారు. పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. రక్తం తీసేటప్పుడు చెయ్యి గట్టిగా బిగించినా, సీసా ఎక్కువసేపు పడి ఉన్నా ఎర్ర కణాలు పగిలి, లోపలి పొటాషియం బయటపడి అంకె లేనిపోని విధంగా ఎక్కువ చూపిస్తుంది. మనిషి బాగానే ఉన్నాడు, అంకె మాత్రం 6.2 అంటే, డాక్టర్లు ఈసీజీ తీసి, వెంటనే మరో నమూనా పంపుతారు.

కిడ్నీలు బాగున్నవాళ్లకు ఇవేవీ పట్టవా అంటే, దాదాపుగా పట్టవు. అతి చేస్తే అక్కడా ప్రమాదమే. అమెరికా వైద్య పత్రిక ఒకటి 2014లో ఒక కేసు ప్రచురించింది. నలభై రెండేళ్ల మనిషి, పాత జబ్బులేమీ లేవు. మండే ఎండలో రోజంతా టెన్నిస్ ఆడి, దాహానికి ఎనిమిది సీసాల కొబ్బరి నీళ్లు తాగాడు. ఒక్కో సీసాలో 690 మిల్లీగ్రాముల లెక్కన అయిదున్నర గ్రాముల పొటాషియం. కుప్పకూలాడు. ఆసుపత్రిలో పొటాషియం 6.9 తేలింది, గుండె లయ తప్పింది. ఎండ దెబ్బకు కిడ్నీలూ తాత్కాలికంగా మందగించి ఉన్నాయి. దాహంతో ఎండిపోయిన ఒంట్లో కిడ్నీ పని తగ్గుతుంది. బొండం మీద మనసుపోయేది సరిగ్గా ఆ సమయంలోనే.

వాంతులు, విరేచనాల రోజు ఇంకా జాగ్రత్త కావాలి. ఓఆర్‌ఎస్ బదులు బొండం ఇవ్వడం మన ఇళ్లల్లో అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం కలిపిన ఓఆర్‌ఎస్ లీటరులో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం, 75 సోడియం ఉంటాయి. బొండం నీళ్లలో పొటాషియం దానికి దాదాపు మూడింతలు, విరేచనాల్లో అసలు పోయే సోడియం తక్కువ. మామూలు మనిషి దీన్ని సర్దుకుంటాడు. రామిప్రిల్ వేసుకునే కిడ్నీ రోగికి మాత్రం ఆ రోజు నీరు తగ్గి కిడ్నీ మందగిస్తుంది, మాత్ర పని చేస్తూనే ఉంటుంది, పైనుంచి బొండం. అలాంటి రోజున ఏ మాత్ర ఆపాలో, ఏం తాగాలో ముందే డాక్టరు దగ్గర రాయించి పెట్టుకోవడం మేలు. సొంతంగా బీపీ మాత్రలు శాశ్వతంగా మానేయడం మాత్రం బొండం కంటే ఎక్కువ నష్టం.

ఇంత ప్రచారం జరిగినా ఈ అలవాటు ఎందుకు పోదంటే, కిడ్నీ అనే ఒక్క పేరు కింద రెండు వేరు వేరు జబ్బులు కలిసిపోయాయి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు నీళ్లు బాగా తాగమంటారు, బొండం నీళ్లు కూడా కొందరికి సూచిస్తారు. మూత్రంలో సిట్రేట్ పెరిగితే కొన్ని రకాల రాళ్లు ఏర్పడడం తగ్గుతుంది. పక్కింటి వాళ్లకు రాయి పోయిందని విన్న మనిషి, క్రియాటినిన్ 5 ఉన్న తన తండ్రికీ అదే పోస్తాడు. రాయి జబ్బులో కిడ్నీ పని సాధారణంగా బాగానే ఉంటుంది, ఆ దారి తెరిచే ఉంటుంది. క్రియాటినిన్ పెరిగిన జబ్బులో ఆ దారే పోయింది. ‘కిడ్నీని కడిగేస్తుంది’ అనే మాటకు రెండో జబ్బులో అర్థమే లేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది మరీ ఇబ్బందికరమైన విషయం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఊళ్లకు ఊళ్లనే పట్టుకుంది, దాని అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. ఆ ప్రాంతం కొబ్బరి, జీడి తోటలకు పేరు. హైదరాబాద్‌లో బొండం కొనాలంటే జేబు చూసుకోవాలి. ఉద్దానంలో పెరట్లోదే, పైసా ఖర్చు లేదు. అక్కడి రోగికి బొండం వద్దని చెప్పడమంటే తన చెట్టు కాయను తాను ముట్టొద్దని చెప్పడమే. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, చుట్టుపక్కల డయాలసిస్ కేంద్రాలూ నడుస్తున్నాయి. డాక్టరు చీటీలో ఏం రాసినా, దాహం వేసినప్పుడు చెయ్యి ఎటు వెళ్తుందన్నది ఇంట్లోనే తేలుతుంది.

అందరికీ ఒకే కట్టడి పెట్టడం కూడా సరికాదు. వ్యాధి రెండో దశలో ఉండి, పొటాషియం 4.2 ఉన్న మనిషి టమాటా కూర మానేయాల్సిన పనిలేదు. కిడ్నీలు బాగుండి బీపీ మాత్ర ఒకటి వేసుకునేవాళ్లు అప్పుడప్పుడూ బొండం తాగినా సాధారణంగా నష్టముండదు. పళ్లూ కూరగాయలూ తగ్గించేస్తే మలబద్ధకం వస్తుంది. మూత్రం దారి ఇరుకైన మనిషిలో పేగుల ద్వారా పోయే పొటాషియమే కొంత ఊరట కాబట్టి అది మరో నష్టం. అందుకే ఇప్పుడు డాక్టర్లు జాబితా చేతికిచ్చి పంపే బదులు, రక్తంలో అంకె చూసి, ఆ మనిషి తిండి చూసి చెప్పడానికి మొగ్గుతున్నారు. అంకె పెరిగినప్పుడు ముందుగా తీసేయాల్సింది గ్లాసుల్లోదే. దానితోపాటే, ‘సోడియం తక్కువ’ అని రాసి అమ్మే ఉప్పు. అందులో సోడియం బదులు నింపేది పొటాషియం క్లోరైడే.

దాహానికి ఏం తాగాలన్న ప్రశ్న మిగిలిపోతుంది. డయాలసిస్ రోగికి నీళ్లకే కొలత ఉంటుంది కాబట్టి ఏదైనా ఆ కొలతలోనే రావాలి. గ్లాసు నీళ్లలో అరచెక్క నిమ్మరసం పిండితే కలిసే పొటాషియం పాతిక మిల్లీగ్రాములకు మించదు. షుగరు లేనివాళ్లు కొంచెం పంచదార కలుపుకోవచ్చు, ఉప్పు మాత్రం వద్దు. నోరెండిపోతే ఐస్ ముక్క చప్పరించడం చాలామందికి పనికొస్తుంది.

కొన్ని డయాలసిస్ కేంద్రాల్లో రోగులు మరో దారి కనిపెట్టుకున్నారు. నాలుగు గంటల డయాలసిస్‌లో మొదటి గంటలో, యంత్రం తిరుగుతుండగానే, మానేసిన పండో గుక్కెడు బొండం నీళ్లో పుచ్చుకుంటారు. కొందరు డాక్టర్లు చూసీచూడనట్టు ఊరుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఆ సమయంలో తిన్నది కొంత శుద్ధి అవుతుంది నిజమే కానీ, అరుగుదల సూది తీసేశాక కూడా సాగుతుంది. వారానికి రెండుసార్లే డయాలసిస్ దొరికేవాళ్లకు తర్వాతి పూటకు మూడు నాలుగు రోజుల దూరం ఉంటుంది. కాబట్టి అలా తాగాలనిపిస్తే ఎన్ని గుక్కలు తాగాలన్నది ఆ నెల రిపోర్టులో పొటాషియం అంకెను చూపించి, కుర్చీలో కూర్చోకముందే తమ నెఫ్రాలజిస్టును అడగాలి.